రేడియేటర్‌లో ఉప్పు ఎందుకు వేయరు?

మా మేనల్లుడు లారీ నడుపుతాడు. కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ముగుస్తుంది కాబట్టి, వాడి మాటల్లో చెప్పాలంటే "మన ఊరి రోడ్డే మామూ, కాశ్మీరు దాకా". ఒక ఏడాది డిసెంబరులో ఆపిల్ లోడు కోసం వాడు కాశ్మీరు లోయకు వెళ్లాడు. ఖాజీగుండ్ దగ్గర రాత్రి బండి ఆపుకుని పడుకున్నాడు. ఆ రాత్రి చలి సున్నాకు ఐదారు డిగ్రీలు కిందికి దిగింది. తెల్లవారి ఇంజన్ స్టార్టయింది, బండి కదిలింది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. చుట్టూ మంచు, లోపల ఇంజన్ మాత్రం ఉడికిపోతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. వారం రోజులు బండి అక్కడే నిలిచిపోయింది.

ఇంటికి వచ్చాక వాడు నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. "బయలుదేరేటప్పుడు కూలెంట్ కొలిచి పోయించాను కదా, మరి ఎందుకు గడ్డకట్టింది?" అనేది మొదటిది. రెండోది ఇంకా మంచి ప్రశ్న. "కుల్ఫీ బండిలో ఐసుకు ఉప్పు కలుపుతారు. ఉప్పునీళ్లు తొందరగా గడ్డకట్టవని చిన్నప్పుడు మీరే చెప్పారు. ఉప్పు కిలో ఎంత, కూలెంట్ లీటరు ఎంత? రేడియేటర్‌లో ఉప్పే వేస్తే పోలా?"

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో 'ఘనీభవన స్థాన నిమ్నత' అనే పాఠం ఉంది. మనం ఫీజులు కట్టి చదివిస్తున్న పిల్లలు దీన్ని సూత్రంగా బట్టీపట్టి, లెక్క చేసి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ పాఠమంతా మా వాడి రెండు ప్రశ్నల్లోనే ఉంది. వాడికి చెప్పిన జవాబునే ఇక్కడ పెద్దలందరి కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

నీళ్లు గడ్డకట్టడమంటే ఏమిటి?

ఒక గిన్నెలో నీళ్లు, వాటిలో ఒక ఐసు ముక్క ఉన్నాయనుకుందాం. ఐసు అంచు దగ్గర ఎప్పుడూ రెండు పనులు జరుగుతుంటాయి. ఐసు నుంచి కొన్ని నీటి అణువులు విడిపోయి నీళ్లలో కలుస్తాయి. నీళ్లలోంచి కొన్ని అణువులు వచ్చి ఐసుకు అతుక్కుంటాయి. సున్నా డిగ్రీల దగ్గర ఈ రాకపోకలు సమానం. అంతకన్నా చల్లబడితే అతుక్కునేవి ఎక్కువై ఐసు పెరుగుతుంది. వేడెక్కితే విడిపోయేవి ఎక్కువై ఐసు కరుగుతుంది.

ఇప్పుడు ఆ నీళ్లలో చక్కెరో, ఉప్పో, కూలెంటో కలిపామనుకోండి. కలిపిన పదార్థం ఐసులోకి పోదు, నీళ్లలోనే ఉండిపోతుంది. అందువల్ల ఐసు అంచు దగ్గర నిలబడిన అణువులన్నీ ఇప్పుడు నీటి అణువులు కావు. మధ్యలో పరాయివి కూడా ఉన్నాయి. ఐసుకు అతుక్కోవడానికి వచ్చే నీటి అణువుల సంఖ్య తగ్గింది. ఐసు నుంచి విడిపోయే వాటి సంఖ్య మాత్రం తగ్గలేదు. కాబట్టి సున్నా దగ్గర ఐసు నిలవదు, కరుగుతుంది. రాకపోకలు మళ్లీ సమానం కావాలంటే ఇంకా చల్లబరచాలి. అలా కిందికి దిగిన డిగ్రీలనే ఘనీభవన స్థాన నిమ్నత అంటారు.

ఇక్కడ గమనించవలసిన మాట ఒక్కటే. దారిలో ఎన్ని పరాయి కణాలు ఉన్నాయన్నదే లెక్క. అవి తియ్యనివా, ఉప్పనివా, చిన్నవా, పెద్దవా అన్నది పలచని ద్రావణంలో లెక్కకు రాదు.

లెక్క

కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. అందుకే రసాయన శాస్త్రంలో 'మోల్' అనే కొలత ఉంది. అరటిపండ్లను డజన్లలో లెక్కపెట్టినట్టు అణువులను మోల్‌లలో లెక్కపెడతారు. ఒక మోల్ చక్కెర బరువు 342 గ్రాములు. ఒక మోల్ యూరియా 60 గ్రాములు. రేడియేటర్ కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఒక మోల్ 62 గ్రాములు. బరువులు వేరైనా మూడింటిలోనూ కణాల సంఖ్య ఒకటే.

ఒక కిలో నీటిలో ఎన్ని మోల్‌లు కలిపామో ఆ సంఖ్యను మొలాలిటీ అంటారు. కిలో నీటిలో ఒక మోల్ కణాలు కలిపితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు దిగుతుంది. ఈ 1.86 నీటికి సంబంధించిన స్థిరాంకం. ద్రావణి మారితే ఆ అంకె మారుతుంది. పుస్తకంలో పిల్లలు చూసే సూత్రం ఇది:

ΔTf = i × Kf × m

ΔTf అంటే దిగిన డిగ్రీలు, Kf అంటే 1.86, m అంటే మొలాలిటీ. i సంగతి కాసేపట్లో చూద్దాం. గ్లైకాల్‌కు దాని విలువ 1 కాబట్టి ప్రస్తుతం దాన్ని పక్కన పెట్టవచ్చు.

మా వాడి లారీలో రేడియేటర్, ఇంజన్ బ్లాకు, గొట్టాలు అన్నీ కలిపి 24 లీటర్లు పడుతుంది. బయలుదేరే ముందు మెకానిక్ భాయ్ అందులో 9 లీటర్ల గ్లైకాల్, 15 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు పోశాడు. గ్లైకాల్ నీటికన్నా కొంచెం బరువు, లీటరు 1.11 కిలోలు తూగుతుంది. కాబట్టి 9 లీటర్లంటే 10 కిలోలు. దాన్ని 62 గ్రాములతో భాగిస్తే దాదాపు 161 మోల్‌లు. అవి 15 కిలోల నీటిలో ఉన్నాయి గనుక మొలాలిటీ 10.75. దాన్ని 1.86తో గుణిస్తే సరిగ్గా 20 వస్తుంది. అంటే ఆ మిశ్రమం సున్నాకు 20 డిగ్రీల కింద దాకా గడ్డకట్టకూడదు. నిజంగా కొలిస్తే ఇంకొంచెం కిందికి, దాదాపు 22 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇంత చిక్కటి ద్రావణంలో గ్లైకాల్ అణువులు నీటి అణువులను కొంత పట్టి ఉంచుతాయి. అందుకే పలచని ద్రావణానికి రాసిన సూత్రం ఇక్కడ ఉజ్జాయింపుగానే పనిచేస్తుంది. అయినా మన పనికి ఆ ఉజ్జాయింపు చాలు.

ఖాజీగుండ్ చలి ఐదారు డిగ్రీలే. మిశ్రమం ఇరవై డిగ్రీలకు సరిపోతుంది. మరి ఎందుకు గడ్డకట్టింది?

దారిలో పోసిన నీళ్లు

అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటికి వచ్చింది. కింది గొట్టం క్లిప్పు వదులై కారుతోంది. నాగ్‌పూర్ దాటాక ఒకసారి, ఢిల్లీ దగ్గర ఒకసారి, జమ్మూలో ఒకసారి, తగ్గినంత మేర ఢాబా దగ్గర కుళాయి నీళ్లు పోశాడు. ప్రతిసారీ రెండు బక్కెట్లు తక్కువ కాకుండా పట్టిందట. సుమారుగా ఎనిమిది లీటర్లు అనుకుందాం.

కారిపోయింది నీళ్లు మాత్రమే కాదు, మిశ్రమం. మళ్లీ పోసింది మాత్రం ఉత్త నీళ్లు. ఎండకు నీళ్లు ఆవిరైపోతే నీళ్లు పోయవచ్చు, గ్లైకాల్ లోపలే ఉంటుంది. కారిపోతే అలా కాదు. 24 లీటర్లలో 8 కారిపోతే గ్లైకాల్‌లో మూడో వంతు కూడా దానితోపాటు పోయినట్టే.

మొదటిసారి తర్వాత 9 లీటర్లలో 6 మిగిలింది. సూత్రం ప్రకారం ఆ మిశ్రమం సున్నాకు 11 డిగ్రీల కింద గడ్డకట్టడం మొదలుపెడుతుంది. రెండోసారి తర్వాత 4 లీటర్లు మిగిలింది. అప్పుడు ఆ హద్దు 7 డిగ్రీల దగ్గరికి వచ్చింది. మూడోసారి తర్వాత మిగిలింది రెండున్నర లీటర్లకు కొంచెం పైన. మొలాలిటీ 2.24, దిగేది 4 డిగ్రీలు మాత్రమే. 20 డిగ్రీల రక్షణతో బయలుదేరిన బండి 4 డిగ్రీల రక్షణతో ఖాజీగుండ్ చేరింది.

రేడియేటర్ మూత తీసి చూస్తే ఈ తేడా కనబడదు. రంగు కాస్త వెలిసిపోతుంది, అంతే. కూలెంట్‌లో కలిపే రంగు గాఢమైనది కాబట్టి పలచబడినా ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. రంగు చూసి కూలెంట్ బాగుందని చెప్పడం అందుకే తప్పు.

బ్లాకు ఎందుకు పగల్లేదు?

వాడి అదృష్టం ఏమిటంటే బ్లాకు పగల్లేదు. ఉత్త నీళ్లే ఉంటే పగిలేదేమో. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం వ్యాకోచిస్తాయి. చుట్టూ పోత ఇనుము ఉన్నచోట ఆ వ్యాకోచానికి తావు లేకపోతే ఇనుమే చీలుతుంది.

కూలెంట్ కలిసిన నీళ్లు ఒక్కసారిగా రాయిలా గడ్డకట్టవు. హద్దు దాటగానే మొదట వచ్చేది శుద్ధమైన నీటి ఐసు. గ్లైకాల్ అంతా మిగిలిన ద్రవంలోనే ఉంటుంది. ఐసు పెరిగే కొద్దీ మిగిలిన ద్రవం చిక్కబడుతుంది, దాని హద్దు ఇంకా కిందికి జరుగుతుంది. ఆ రాత్రి ఐదున్నర డిగ్రీల చలి ఉందనుకుంటే మిగిలిన ద్రవం మొలాలిటీ 2.96 అయ్యేదాకా ఐసు ఏర్పడి అక్కడ ఆగిపోతుంది. మొదట 2.24 ఉన్నది 2.96 కావాలంటే నీటిలో పావు వంతు ఐసుగా మారాలి. అంటే లోపల ఉన్న 21 లీటర్ల నీటిలో ఐదు లీటర్లు ఐసు, మిగతాది ద్రవం. మామూలు మాటల్లో చెప్పాలంటే గోలాబండి దగ్గర గ్లాసులో పోసే ఐసుగుజ్జు లాంటిది.

ఆ గుజ్జు బ్లాకును పగలగొట్టలేదు గాని రేడియేటర్ సన్న గొట్టాలలో అడ్డుపడింది. ఇంజన్ నడిచే కొద్దీ బ్లాకులో ద్రవం వేడెక్కింది. చల్లబడడానికి రేడియేటర్‌కు వెళ్లాలంటే దారి మూసుకుపోయింది. అందుకే బయట మంచు ఉన్నా లోపల ఇంజన్ ఉడికింది. చలి ప్రాంతంలో తెల్లవారుజామున స్టార్టు చేసిన కాసేపటికే ముల్లు పైకి పోతుంటే, రేడియేటర్ కింది భాగం మాత్రం చేతికి మంచులా తగులుతుంటే, లోపల గుజ్జు ఉందని అర్థం. వెంటనే ఇంజన్ ఆపాలి. ఎండ వచ్చేదాకా ఆగడం తప్ప మరో మార్గం లేదు. వేడి ఇంజన్ మీద చల్లని నీళ్లు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

మొదటి ప్రశ్నకు జవాబు అది. ఇక రెండోది, ఉప్పు.

ఉప్పు రెండుగా లెక్క

1880ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త రౌల్ట్ ఎన్నో పదార్థాలను నీటిలో కలిపి ఘనీభవన స్థానాలు కొలిచాడు. చక్కెర, యూరియా వంటివన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. లవణాలు మాత్రం లెక్కకు లొంగలేదు. సాధారణ ఉప్పు ఒక మోల్ వేస్తే దాదాపు రెండు మోల్‌లు వేసినంత ప్రభావం కనబడింది. డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ద్రావణాలకు తన సిద్ధాంతం రాసేటప్పుడు ఈ తేడాను సరిచేయడానికి సూత్రంలో i అనే ఒక గుణకాన్ని చేర్చాడు. ఆ గుణకం ఎందుకు అవసరమవుతోందో 1887లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ వివరించాడు. ఉప్పు నీటిలో కలిసినప్పుడు సోడియం అయాన్‌గా ఒకటి, క్లోరైడ్ అయాన్‌గా ఒకటి, రెండు ముక్కలవుతుంది. ఒకటి సోడియం అణువు మీద ధనావేశం, రెండోది క్లోరిన్ మీద రుణావేశం. ఐసు అంచు దగ్గర అవి రెండు వేర్వేరు కణాలుగా అడ్డు నిలుస్తాయి. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో వాంట్ హాఫ్‌కు, 1903లో అర్హీనియస్‌కు దక్కాయి.

ఇలా నీటిలో అయాన్లుగా విడిపోయే పదార్థాన్ని విద్యుద్విశ్లేష్యం అంటారు. చక్కెర, గ్లైకాల్ విడిపోవు, వాటికి i విలువ 1. ఉప్పుకు 2. రెండు క్లోరైడ్ అయాన్లు, ఒక కాల్షియం అయాన్‌గా విడిపోయే కాల్షియం క్లోరైడ్‌కు 3.

ఇవి పూర్తిగా విడిపోతే వచ్చే అంకెలు. నిజంగా కొలిస్తే కొంచెం తక్కువ వస్తాయి. కిలో నీటిలో 0.001 మోల్ ఉప్పు వేసినప్పుడు i విలువ 1.97. 0.1 మోల్ వేస్తే 1.87. ఎందుకంటే ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. ద్రావణం చిక్కబడే కొద్దీ కొన్ని అయాన్లు జంటగా తిరుగుతాయి, జంటగా తిరిగేవి ఒక్క కణంగానే లెక్కకు వస్తాయి. మెగ్నీషియం సల్ఫేట్‌లో ఇది ఇంకా బాగా కనబడుతుంది. దాని అయాన్లకు రెట్టింపు ఆవేశం ఉంటుంది కాబట్టి ఆకర్షణ బలం ఎక్కువ. లెక్క ప్రకారం 2 ఉండాల్సిన దాని i విలువ 0.1 మోల్ దగ్గర 1.21కి పడిపోతుంది. అందుకే పరీక్షలో 'పూర్తిగా వియోజనం చెందిందని అనుకుంటే' అనే మాట ప్రశ్నలో ఉందో లేదో పిల్లలు చూసుకోవాలి. ఆ మాట ఉంటే 2 వేయాలి. ప్రయోగంలో వచ్చిన విలువ ఇచ్చి i కనుక్కోమంటే 2 రాకపోవడం తప్పు కాదు, అదే సరైన జవాబు.

ఈ సంగతిని ఇంట్లోనే చూడవచ్చు. ఒక డబ్బాలో ఐసు ముక్కలు, గుప్పెడు కల్లుప్పు కలిపి పెట్టుకోండి. కుల్ఫీ బండిలో ఉండేది ఇదే. ఉప్పు వల్ల ఐసు సున్నా కన్నా కిందనే కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. ఇప్పుడు రెండు పరీక్షనాళికలు తీసుకుని ఒకదానిలో 100 గ్రాముల నీటికి 17 గ్రాముల చక్కెర చొప్పున, రెండోదానిలో 100 గ్రాముల నీటికి 2.9 గ్రాముల ఉప్పు చొప్పున కలిపిన ద్రావణం కొంచెం కొంచెం పోయండి. రెండూ కిలోకు అర మోల్ చొప్పున ఉన్నట్టే. వాటిని ఆ డబ్బాలో నిలబెట్టి థర్మామీటరుతో కలుపుతూ ఉండండి. ఉష్ణోగ్రత దిగుతూ దిగుతూ కొంచెం ఎక్కువ కిందికి పోయి, ఐసు స్ఫటికాలు మొదలవగానే ఒక్కసారి పైకి లేచి ఒకచోట నిలుస్తుంది. ఆ నిలిచిన చోటు రాసుకోవాలి. చక్కెర నాళికలో అది సున్నాకు దాదాపు ఒక డిగ్రీ కింద, ఉప్పు నాళికలో దాదాపు 1.7 డిగ్రీల కింద వస్తుంది. తూకంలో చక్కెరకన్నా ఉప్పు ఆరో వంతే, ప్రభావం మాత్రం దాదాపు రెట్టింపు. ఒక్కో కణాన్ని లెక్కపెట్టడం అంటే ఇదే.

అయినా ఉప్పు ఎందుకు పనికిరాదు?

ఇప్పుడు మా వాడి వాదనకు బలం వచ్చినట్టే కనబడుతుంది. 20 డిగ్రీల రక్షణకు గ్లైకాల్ కిలో నీటికి 667 గ్రాములు కావాలి. ఉప్పయితే i విలువ 2 వేసుకుని లెక్క కడితే 314 గ్రాములు. తూకం సగం, ధర దానికన్నా ఎంతో తక్కువ. అయినా వద్దు. రెండు కారణాలు.

మొదటిది, ఉప్పుకు ఒక అడుగు ఉంది. ఉప్పునీళ్లలో ఎంత ఉప్పు వేసినా సున్నాకు 21 డిగ్రీల కిందికి దింపలేం. నూటికి 23 పాళ్లు ఉప్పు ఉన్నప్పుడు ఆ అడుగు వస్తుంది. అక్కడ నీళ్లు, ఉప్పు కలిసి ఒకేసారి గట్టిపడతాయి. ఇంకా ఉప్పు వేస్తే అది కరగకుండా అడుగున కూర్చుంటుంది. కాబట్టి 20 డిగ్రీల రక్షణ అంటే ఉప్పుకు దాదాపు ఆఖరి మెట్టు. కార్గిల్, ద్రాస్ వైపు శీతాకాలం చలికి అది చాలదు. గ్లైకాల్‌ను నీటితో సమానంగా, సగం సగం కలిపితే సున్నాకు 37 డిగ్రీల కింద దాకా నిలుస్తుంది.

అలాగని గ్లైకాల్‌కు హద్దు లేదనుకోకూడదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదని కొందరు నీళ్లు కలపకుండా ఉత్త గ్లైకాలే పోస్తారు. నీళ్లు కలవని గ్లైకాల్ సున్నాకు 13 డిగ్రీల కిందనే గడ్డకడుతుంది. సగం సగం కలిపిన దానికన్నా అది నాసి. పైగా గ్లైకాల్ నీళ్లంత వేడిని మోయలేదు, ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కుతుంది. సగానికి అటూ ఇటూ ఉండడమే మేలు.

రెండో కారణం అసలైనది. ఉప్పును రెండుగా లెక్కించేలా చేసిన ఆ అయాన్లే ఇంజన్‌కు శత్రువులు. ఇంజన్‌లో బ్లాకు ఇనుము, హెడ్డు చాలా బండ్లలో అల్యూమినియం, రేడియేటర్ రాగి ఇత్తడితోనో అల్యూమినియంతోనో చేసి ఉంటుంది. వేర్వేరు లోహాలు ఒకే ద్రవంలో మునిగి ఉంటే, ఆ ద్రవంలో అయాన్లు ఉంటే, అది ఒక బ్యాటరీ అవుతుంది. బలహీనమైన లోహం నెమ్మదిగా కరిగిపోతుంది. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. క్లోరైడ్ అయాన్ సరిగ్గా ఆ పొరనే చీల్చి సూది బెజ్జాలు వేస్తుంది. ఇంజన్ వేడికి ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. ఆ ఇంజన్ చలికి గడ్డకట్టకపోవచ్చు గాని తుప్పుకు బలైపోతుంది.

గ్లైకాల్ అయాన్లుగా విడిపోదు. కణానికి కణంగానే లెక్క, కాబట్టి ఎక్కువ పోయాలి, ఎక్కువ డబ్బు పెట్టాలి. ఆ ఎక్కువ ధరకు మనం కొంటున్నది అదే, అంటే కరెంటు పారని ద్రవం. గ్లైకాల్ కూడా ఏళ్ల తరబడి వేడికి ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. అందుకే కంపెనీవాళ్లు దానిలో తుప్పు నిరోధకాలు కలుపుతారు. అవి కాలక్రమంలో ఖర్చైపోతాయి. గడ్డకట్టే హద్దు బాగానే ఉన్నా బండి పుస్తకంలో చెప్పిన గడువుకు కూలెంట్ మార్చాలనేది ఇందుకే. బోరు నీళ్లు కలపవద్దనేదీ ఇందుకే. మన ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు, క్లోరైడ్ ఉంటాయి. ఉప్పు మనం వేయకపోయినా బోరు వేస్తుంది.

చూసుకోవడం ఎలా?

మెకానిక్‌ల దగ్గర రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంటుంది. దాని గాజు మీద రెండు చుక్కల కూలెంట్ వేసి వెలుతురుకు పెట్టి చూస్తే, ఎన్ని డిగ్రీల దాకా గడ్డకట్టదో గీత మీద కనబడుతుంది. మా వాడు జమ్మూలో ఒక్క నిమిషం ఆగి ఇది చేయించి ఉంటే ఆ గీత నాలుగు దగ్గర కనబడేది. దీనితో ఒక జాగ్రత్త ఉంది. ఇథిలీన్ గ్లైకాల్‌కు ఒక కొలబద్ద, ప్రొపిలీన్ గ్లైకాల్‌కు వేరే కొలబద్ద ఉంటాయి. ఏది పోశారో తెలుసుకుని ఆ వైపు చూడాలి.

ఇంకొక్క మాట తప్పక చెప్పాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. శరీరంలోకి పోతే ఆక్జాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీలను దెబ్బతీస్తుంది. షెడ్డులో కూల్‌డ్రింక్ సీసాలో మిగిలిన కూలెంట్ పోసి పెట్టడం మనం తరచూ చూస్తుంటాం. పిల్లలు తాగేస్తారు, వీధి కుక్కలు నాకేస్తాయి. అలాంటి సీసా ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. ఎవరైనా తాగారని అనుమానం వస్తే లక్షణాలు కనబడేదాకా ఆగకుండా, ఆ సీసాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మొదట్లో మత్తుగా మాత్రమే కనబడతారు, ప్రాణం మీదికి వచ్చేది ఆ తర్వాత. ప్రొపిలీన్ గ్లైకాల్ అంత విషం కాదు. దాని మోల్ బరువు 76 గ్రాములు, కాబట్టి అన్ని కణాలే కావాలంటే తూకం ఇంకొంచెం ఎక్కువ వేయాలి. ఇప్పుడు ఆ లెక్క మీరే వేయగలరు.

మా వాడు ఇప్పుడు కారిన మేరకు నీళ్లు పోయడం మానేశాడు. పైకి వెళ్లేటప్పుడు ముందుగా కలిపి పెట్టిన మిశ్రమం ఒక క్యాను, కొత్త క్లిప్పులు రెండు సీటు వెనక పెట్టుకుని పోతున్నాడు. క్యాను మీద పెద్ద అక్షరాలతో 'విషం' అని తెలుగులోనూ, ఉర్దూలోనూ, హిందీలోనూ రాయించాడు.